72 సూత్రం: డబ్బు ఎన్నేళ్లకు రెట్టింపవుతుందో తప్పు లేకుండా లెక్కవేసే పద్ధతి

నాగోల్‌లో ఉండే మా పిన్ని మూడేళ్ల కింద తెలిసినవాళ్లకు 3 లక్షలు అప్పిచ్చింది. రెండు రూపాయల వడ్డీ, ప్రోనోటు రాయించుకుంది. మూడేళ్లు నిండగానే వాళ్లు 5 లక్షల 16 వేలు తెచ్చి చేతిలో పెట్టారు. ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసింది.

"ఏరా, రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతమే కదా. 72ని 24తో భాగిస్తే మూడు. మూడేళ్లకు 6 లక్షలు కావాలి. 84 వేలు తక్కువిచ్చారేంటి?"

"తక్కువివ్వలేదు పిన్నీ. వాళ్లు తెచ్చింది సరిపోయింది. నువ్వు వేసిన లెక్క ఆ నోటుకు వర్తించదు."

72ని వడ్డీ రేటుతో భాగిస్తే డబ్బు ఎన్నేళ్లకు రెట్టింపవుతుందో వస్తుంది, అదే 72 సూత్రం. దీని గురించి నన్ను అడిగేవాళ్లలో చాలామందికి భాగహారం వచ్చు. పొరపాటంతా భాగించే ముందే జరిగిపోతుంది. అందుకే ఇక్కడ భాగహారం కన్నా దాని ముందు పనికే ఎక్కువ చోటిచ్చాను.

## 1. ముందు ఈ నాలుగు వివరాలు కాగితం మీద రాసుకోండి

క్యాలిక్యులేటర్ తీయకముందే ఇవి తెలియాలి. ఏ ఒక్కటి తెలియకపోయినా అడిగి తెలుసుకున్నాకే ముందుకెళ్లండి.

- వడ్డీ రేటు ఎంత? అది నెలకు చెప్పిందా, ఏడాదికి చెప్పిందా?
- వచ్చిన వడ్డీ అసలులో కలుస్తుందా, లేక పక్కన ఉండిపోతుందా?
- కలిస్తే ఎన్నాళ్లకొకసారి కలుస్తుంది: నెలకా, మూడు నెలలకా, ఏడాదికా?
- మధ్యలో డబ్బు వేయడం, తీయడం ఏమైనా ఉందా?

నాలుగో దానికి జవాబు "లేదు" అయితేనే 72 సూత్రం పనికొస్తుంది. ఒక్కసారి పెట్టి, కదపకుండా వదిలేసిన మొత్తానికే ఈ లెక్క.

## 2. 'రూపాయల వడ్డీ'ని శాతంలోకి మార్చండి

మన దగ్గర బయటి అప్పులకు వడ్డీ శాతాల్లో చెప్పరు. నూటికి నెలకు ఎన్ని రూపాయలో చెబుతారు. రూపాయి వడ్డీ అంటే వంద రూపాయలకు నెలకు ఒక రూపాయి, ఏడాదికి 12 శాతం. రూపాయిన్నర అయితే 18, రెండు రూపాయలైతే 24, మూడు రూపాయలైతే 36 శాతం.

బ్యాంకులూ పోస్టాఫీసులూ చెప్పేది ఏడాది రేటు. ఒకరు "రెండు" అంటే నెలకు, ఇంకొకరు "ఏడు" అంటే ఏడాదికి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టే ముందు ఒకే కొలతలోకి తేవాలి.

ఇంకో చిన్న జాగ్రత్త. 72ని ఏడాది రేటుతో భాగిస్తే జవాబు ఏళ్లలో వస్తుంది. నెల రేటుతో భాగిస్తే నెలల్లో వస్తుంది. రెండు రూపాయల వడ్డీకి 72ను 2తో భాగించి వచ్చిన 36ని "36 ఏళ్లు" అనుకుని కంగారుపడినవాళ్లు నాకు తెలుసు. అది 36 నెలలు.

## 3. బారువడ్డీయా, చక్రవడ్డీయా తేల్చుకోండి

మా పిన్ని తప్పటడుగు వేసింది ఇక్కడే.

బారువడ్డీలో వడ్డీ ఎప్పుడూ మొదటి అసలు మీదే నడుస్తుంది. 3 లక్షల మీద రెండు రూపాయలంటే నెలకు 6 వేలు. మొదటి నెలా 6 వేలే, నలభయ్యో నెలా 6 వేలే. ఇంకో 3 లక్షలు పోగవడానికి యాభై నెలలు పడుతుంది.

చక్రవడ్డీలో వచ్చిన వడ్డీ అసలులో కలిసి, దాని మీద మళ్లీ వడ్డీ పుడుతుంది. 72 సూత్రం దీనికోసం పుట్టిందే. వడ్డీ మీద వడ్డీ వస్తుంది కాబట్టే వందకు బదులు అంతకన్నా చిన్న అంకె సరిపోతోంది.

కాబట్టి నియమం ఇలా పెట్టుకోండి:

- బారువడ్డీ అయితే 100ని రేటుతో భాగించాలి.
- చక్రవడ్డీ అయితే 72ని రేటుతో భాగించాలి.

నోటు మీద "చక్రవడ్డీ" అని గానీ, ఏడాదికోసారి వడ్డీ అసలులో కలుస్తుందని గానీ రాసి లేకపోతే దాన్ని బారువడ్డీగానే లెక్కేసుకోండి. పిన్ని నోటులో అలాంటి మాట లేదు. 36 నెలలకు నెలకు 6 వేల చొప్పున 2 లక్షల 16 వేలు వడ్డీ. వాళ్లు తెచ్చింది పైసాతో సహా సరిపోయింది.

డిపాజిట్ వడ్డీని నెలనెలా సేవింగ్స్ ఖాతాలో వేయించుకుని ఖర్చుపెట్టేవాళ్లకు ఈ రెండు లెక్కలూ వర్తించవు. వాళ్ల అసలు అలాగే ఉంటుంది, ఎన్నేళ్లయినా రెట్టింపు కాదు.

## 4. ఇప్పుడు భాగించండి, మిగిలిన దశాంశాన్ని నెలల్లోకి మార్చండి

పోస్టాఫీసు కిసాన్ వికాస్ పత్రను తీసుకుందాం. రెట్టింపు చేసి ఇచ్చే పథకమే కాబట్టి సూత్రాన్ని పరీక్షించడానికి దీనికన్నా మంచిది దొరకదు. 2023 ఏప్రిల్ 1 నుంచి దీని మీద రేటు 7.5 శాతం, ఏడాదికోసారి అసలులో కలుస్తుంది.

72ను 7.5తో భాగిస్తే 9.6. అంటే 9.6 ఏళ్లు.

దీన్ని "తొమ్మిదేళ్ల ఆరు నెలలు" అని చదివేస్తారు. కాదు. 0.6 ఏడాది అంటే 0.6ను 12తో గుణించాలి, 7.2 నెలలు. కాబట్టి తొమ్మిదేళ్ల ఏడు నెలలు. ఈ రేటుకు పత్రం గడువుగా ప్రభుత్వం పెట్టింది కూడా 115 నెలలే, అంటే సరిగ్గా తొమ్మిదేళ్ల ఏడు నెలలు. నోటితో వేసిన లెక్క నెల తేడా కూడా లేకుండా కుదిరింది.

అన్ని రేట్లకూ ఇంత బాగా కుదరదు. 6 నుంచి 10 శాతం మధ్యలో సూత్రం చాలా దగ్గరగా ఉంటుంది. 8 శాతం దగ్గరైతే దాదాపు అచ్చంగా సరిపోతుంది.

ఫోనులోనో కంప్యూటర్‌లోనో స్ప్రెడ్‌షీట్ ఉంటే ఈ ఒక్క వరుసతో సరిచూసుకోవచ్చు:

```
=NPER(7.5%,0,-1,2)
```

9.58 అని వస్తుంది. 7.5% ఉన్న చోట మీ రేటు రాసుకుంటే చాలు. ఒకటి రెండు కావడానికి ఎన్ని విడతలు పడుతుందో ఇది చెబుతుంది.

## 5. రేటు పెద్దదైతే 72ని కొంచెం పెంచండి

రేటు పెరిగేకొద్దీ 72 సూత్రం తొందరపడుతుంది. అసలు పట్టే సమయం కన్నా తక్కువ చెబుతుంది. ఏడాదికోసారి వడ్డీ కలిసే 24 శాతం అప్పుకు 72 చెప్పేది మూడేళ్లు. నిజంగా పట్టేది 3.22 ఏళ్లు. రెండున్నర నెలలకు పైగా తేడా.

దిద్దుబాటు తేలిక. 8 శాతం దాటాక ప్రతి 3 శాతానికి 72కి ఒకటి చొప్పున కలపండి.

24 శాతం అంటే 8 కన్నా 16 ఎక్కువ. పదహారులో మూళ్లు ఐదు. 72కి 5 కలిపితే 77. దాన్ని 24తో భాగిస్తే 3.2 ఏళ్లు. అసలు లెక్కతో కలిసిపోయింది.

36 శాతానికి ఇలాగే తొమ్మిది కలిపితే 81, దాన్ని 36తో భాగిస్తే 2.25 ఏళ్లు. 72తోనే ఆగిపోయి ఉంటే రెండేళ్లని మాత్రమే వచ్చేది.

వడ్డీ నెలనెలా అసలులో కలిసేచోట ఈ కూడికలు అక్కర్లేదు. అక్కడ నెల రేటు ఒకటి, రెండు, మూడు లాంటి చిన్న అంకె. చిన్న రేట్లకు 72 కన్నా 70 బాగా సరిపోతుంది. నెలకు 2 శాతం అయితే 70ని 2తో భాగించండి, 35 నెలలు. క్రెడిట్ కార్డు బాకీ మీద నెలకు 3.5 శాతం పడుతోందనుకుందాం. 70ని 3.5తో భాగిస్తే 20. ఏమీ కట్టకుండా వదిలేస్తే జరిమానాలు, పన్నులు కలపకముందే బాకీ ఇరవై నెలలకు రెట్టింపవుతుంది.

## 6. ఒకే రెండు రూపాయల వడ్డీ, నాలుగు రకాల గడువు

ఇక్కడ కాస్త నిదానంగా వెళదాం. అప్పు ఇచ్చేవాళ్లూ తీసుకునేవాళ్లూ ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

ప్రోనోటుకు మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది. డబ్బు రాకపోతే ఆ గడువు దాటకముందే నోటు తిరగరాయించుకుంటారు. తిరగరాసేటప్పుడు అప్పటిదాకా పేరుకున్న వడ్డీని కలిపి, ఆ మొత్తాన్నే కొత్త అసలుగా రాస్తారు. కొత్త నోటు మీద కూడా "రెండు రూపాయల వడ్డీ" అనే ఉంటుంది. మాట మారలేదు కానీ బారువడ్డీ అప్పు ఆ రోజు నుంచి చక్రవడ్డీ దారి పట్టింది.

పిన్ని 3 లక్షలనే తీసుకుని, 6 లక్షలు కావడానికి ఎంత పడుతుందో చూద్దాం.

నోటు ఎప్పుడూ తిరగరాయకపోతే. నెలకు 6 వేలు. 50 నెలలు.

మూడేళ్లకోసారి తిరగరాస్తే. మూడేళ్లకు 5,16,000. కొత్త అసలు అదే. ఇక నెలకు వడ్డీ 10,320. 6 లక్షలకు ఇంకా 84 వేలు కావాలి, అది ఎనిమిది నెలల పైచిలుకులో వస్తుంది. మొత్తం 44 నెలలు.

ఏడాదికోసారి తిరగరాస్తే. మొదటి ఏడాది చివర 3,72,000. రెండో ఏడాది చివర 4,61,280. మూడో ఏడాది చివర 5,71,987. మిగతా 28 వేలకు ఇంకో రెండున్నర నెలలు. మొత్తం ముప్పైఎనిమిదిన్నర నెలలు. పైన 77ని 24తో భాగిస్తే వచ్చిన 3.2 ఏళ్లు ఇదే.

నెలనెలా కలిపేస్తే. 35 నెలలు.

మాట ఒకటే, రేటు ఒకటే. అయినా యాభై నెలలకూ ముప్పైఐదు నెలలకూ మధ్య ఏడాది పైన మూడు నెలల తేడా వచ్చింది. "ఎంత వడ్డీ?" అని అడిగి ఊరుకుంటే ఈ తేడా కనపడదు. "నోటు ఎప్పుడెప్పుడు తిరగరాస్తారు, రాసినప్పుడు వడ్డీని అసలులో కలుపుతారా?" అని కూడా అడగాలి.

అప్పు తీసుకున్నవాళ్లకు నా మాట ఒక్కటి. తిరగరాసే రోజు మొత్తం కట్టలేకపోయినా పేరుకున్న వడ్డీ వరకైనా కట్టేసి, పాత అసలుకే కొత్త నోటు రాయండి. 3 లక్షలు 3 లక్షలుగానే ఉంటుంది. కట్టినదానికి రసీదు తీసుకోండి, పాత నోటు వెనక్కి తీసుకుని రద్దు చేయించండి. పాతదీ కొత్తదీ రెండూ ఎదుటివాళ్ల దగ్గరే ఉండిపోకూడదు.

## 7. బ్యాంకు డిపాజిట్‌కు లెక్క వేసేటప్పుడు

బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్లలో వడ్డీ సాధారణంగా మూడు నెలలకోసారి అసలులో కలుస్తుంది. అందుకే 7 శాతం అని రాసి ఉన్నా ఏడాది చివర నికరంగా వచ్చేది 7.19 శాతం. 72ను 7తో భాగిస్తే పదేళ్ల మూడు నెలలు దాటుతుంది. 7.19తో భాగిస్తే పదేళ్లు. నిజంగా పట్టేది కూడా పదేళ్లకు ఇంచుమించు సమానం.

ఇదంతా పన్నుకు ముందు మాట. డిపాజిట్ వడ్డీ మీ ఆదాయంలో కలిసి, మీ శ్లాబ్ ప్రకారం పన్ను పడుతుంది. 20 శాతం శ్లాబ్‌లో ఉన్నారనుకోండి, సెస్‌తో కలిపి 20.8 శాతం. ఆ పన్ను కూడా ఈ వడ్డీలోంచే కడితే 7.19లో మీకు మిగిలేది 5.69. 72ను 5.69తో భాగిస్తే పన్నెండేళ్ల ఎనిమిది నెలలు. పదేళ్లనుకున్నది రెండున్నరేళ్లకు పైగా జరిగిపోయింది. పెళ్లికో చదువుకో తేదీ పెట్టుకుని డబ్బు దాస్తున్నవాళ్లు పన్ను పోగా మిగిలే రేటుతోనే భాగించాలి.

కౌంటర్ దగ్గర అడగాల్సినవి:

- వడ్డీ అసలులో కలిసే డిపాజిట్టేనా, లేక మూడు నెలలకోసారి ఖాతాలో వేసేదా?
- చెప్పేది వడ్డీ రేటా, లేక గడువు చివరి రాబడిని ఏళ్లతో భాగించి చెప్పే సగటా?

రెండో ప్రశ్న ఎందుకంటే, 7 శాతం డిపాజిట్ పదేళ్లకు రెట్టింపవుతుంది. వంద మీద వచ్చిన వందను పదేళ్లతో భాగించి "ఏడాదికి 10 శాతం రాబడి" అని కొన్ని కరపత్రాల్లో వేస్తారు. ఆ 10ని పట్టుకుని 72 లెక్క వేస్తే ఏడేళ్ల రెండు నెలలకే రెట్టింపన్న జవాబు వస్తుంది. అది జరగదు. ఆ 10లో వడ్డీ మీద వడ్డీ ఇప్పటికే ఒకసారి కలిసిపోయి ఉంది.

## 8. వెనక్కి నడిపించి రేటు కనుక్కోవడం

గడువు తెలిసి రేటు తెలియనప్పుడు 72ను ఏళ్లతో భాగించండి. ఎవరైనా "ఐదేళ్లలో డబల్" అంటే 72ను 5తో భాగించండి, 14.4 శాతం. దిద్దుబాటు వేసుకుంటే 15కి దగ్గర. "రెండేళ్లలో డబల్" అంటే 36 శాతం వస్తుంది, దిద్దితే 40 దాటుతుంది. ఆ రేటు ఎక్కడి నుంచి తెచ్చిస్తారో ఎదుటివాళ్లు చెప్పగలగాలి. చెప్పలేకపోతే డబ్బు బయటకు తీయకండి.

శంకర్‌పల్లి వైపో షాద్‌నగర్ వైపో కొన్న ప్లాటుకూ ఇలాగే లెక్కవేయొచ్చు. 2009లో 10 లక్షలకు కొన్నది 2024లో 40 లక్షలకు అమ్ముడుపోయిందనుకుందాం. "నాలుగింతలైంది" అంటే ఏదో పెద్ద రాబడి అనిపిస్తుంది. నాలుగింతలంటే రెండు రెట్టింపులు. పదిహేనేళ్లలో రెండు కాబట్టి ఒక్కోదానికి ఏడున్నరేళ్లు. 72ను 7.5తో భాగిస్తే ఏడాదికి 9.6 శాతం. రిజిస్ట్రేషన్ ఖర్చూ అమ్మకం మీద పన్నూ తీసేస్తే ఇంకా తగ్గుతుంది.

ఎనిమిదింతలైతే మూడు రెట్టింపులు, పదహారింతలైతే నాలుగు. మూడింతలు, ఐదింతల లాంటివి మధ్యలో పడతాయి, వాటికి ఈ పద్ధతి వాడకండి.

ఖర్చులకు కూడా ఇదే భాగహారం. స్కూలు ఫీజు ఏటా 10 శాతం పెరుగుతోందనుకుంటే 7.2 ఏళ్లకు రెట్టింపు. ఎల్‌కేజీలో లక్ష కడుతున్నవాళ్లు పిల్లవాడు ఆరో తరగతికి వచ్చేసరికి రెండు లక్షలకు సిద్ధంగా ఉండాలి.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, వాటిని పట్టుకునే గుర్తులు

బారువడ్డీకి 72 వాడటం. మీ జవాబు ఎదుటివాళ్లు తెచ్చిన మొత్తం కన్నా బాగా ఎక్కువగా వస్తే ముందు దీన్నే అనుమానించండి. నెల వడ్డీని నెలలతో గుణించి, దానికి అసలు కలిపి చూడండి. ఆ అంకె వాళ్లు తెచ్చినదానికి సరిపోతే అది బారువడ్డీ.

మధ్యలో రేటు మారడం. డిపాజిట్ మూడేళ్లకు వేసి, రెన్యువల్ చేస్తూ పోతే ప్రతిసారీ కొత్త రేటు వస్తుంది. మొదటి రేటుతో వేసిన లెక్క మొదటి మూడేళ్లకే నమ్మదగ్గది. రెన్యువల్ రోజు, అప్పటికి ఉన్న మొత్తంతో, కొత్త రేటుతో మళ్లీ వేసుకోండి.

నెలనెలా కట్టే పొదుపుకు వాడటం. రికరింగ్ డిపాజిట్, సిప్, చిట్టీ ఇవన్నీ ఇందులోకే వస్తాయి. పిన్ని రెండో ప్రశ్న కూడా ఇదే. "నెలకు 5 వేల చొప్పున 7 శాతం ఆర్‌డీ పదేళ్లు కడితే, 6 లక్షలు 12 లక్షలు అవ్వాలి కదా?" అని అడిగింది.

మొదటి నెల కట్టిన 5 వేలకు పదేళ్లు దొరికాయి, అది రెట్టింపైంది. ఐదో ఏడాది చివర కట్టిన 5 వేలకు ఐదేళ్లే దొరికాయి. చివరి నెల కట్టినదానికి ఒక్క నెలే దొరికింది. అన్నీ కలిపితే చేతికొచ్చేది 8 లక్షల 70 వేల దరిదాపులో ఉంటుంది. ఆర్‌డీ కట్టేవాళ్లు 72ని పక్కనపెట్టి, గడువుకు ఎంతొస్తుందో పాస్‌బుక్ ఇచ్చే రోజే రాయించుకోవాలి. పదేళ్లు నిండాక ఆ మొత్తాన్ని కదపకుండా ఒకేసారి డిపాజిట్ చేస్తే, అక్కడి నుంచి 72ను భాగించుకోవచ్చు.